తాడు మీద బౌద్ధం ప్రయాణం

బౌద్ధం మన దేశంలో పుట్టింది. ఇవాళ జపాన్‌లో ఉంది. థాయిలాండ్‌లో ఉంది. అంత దూరం ఎప్పుడు పోయింది? ఎట్లా పోయింది? ఒక తాడు ఉంటే చాలు, చూసుకోవచ్చు.

తొమ్మిది మూరల తాడు తీసుకోండి. మూరకు రెండు జానలు. అంటే పద్దెనిమిది జానలు. ఒక జానను 100 సంవత్సరాలు అనుకుందాం. ఎడమ కొస నుంచి ఐదు జానలు కొలిచి, అక్కడ ఎర్ర దారం కట్టండి. దారానికి ఎడమ వైపు క్రీస్తు పూర్వం, కుడి వైపు క్రీస్తు శకం.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. క్రీస్తు పూర్వం లెక్క వెనక్కి నడుస్తుంది. 250 కన్నా 500 పాతది. కాబట్టి ఎడమ వైపు ఎర్ర దారం దగ్గర్నుంచే కొలవాలి. తాడు మీద బుద్ధుడి కంటే ముందే అశోకుడు వస్తే, లెక్క తప్పిందని తెలుసుకోండి.

ఎడమ కొసన ఉన్న మొదటి జాన అంతా ఒక గుడ్డ పేలిక చుట్టండి. అది గౌతమ బుద్ధుడి కాలం. ఆయన ఏ సంవత్సరంలో చనిపోయాడో పండితులు తలా ఒక మాట చెబుతారు. అందుకే ముడి కాదు, పేలిక.

ఎర్ర దారానికి ఎడమ వైపు రెండున్నర జానల దగ్గర ఒక ముడి వేయండి. అది సుమారు క్రీ.పూ. 250, అశోక చక్రవర్తి కాలం. ఆయన కొడుకు మహిందుడు సింహళానికి బౌద్ధం తీసుకుపోయాడని అక్కడి పాత గ్రంథాలు చెబుతాయి. సింహళం అంటే నేటి శ్రీలంక. తర్వాత అక్కడి భిక్షువులు మన వైపూ వచ్చారు. క్రీ.శ. 200కూ 300కూ మధ్య నాగార్జునకొండలో సింహళ విహారం అనే మఠం ఉండేది.

ఇప్పుడు దారానికి కుడి వైపు రండి. మొదటి జానలో సగం దాటాక ముడి వేయండి. అది క్రీ.శ. 65, చైనా. అక్కడి ఒక రాజకుమారుడు బుద్ధుణ్ణి కొలుస్తున్నాడని, భిక్షువులకు అన్నం పెడుతున్నాడని ఆ ఏటి రాజశాసనంలో ఉంది. అంటే భిక్షువులు అప్పటికే అక్కడ ఉన్నారన్న మాట. ముడి చూపేది మొదటి రాతను. మొదటి అడుగు అంతకు ముందే పడి ఉంటుంది.

తర్వాతి ముడి 372, కొరియా. మూడు జానలు దాటి, నాలుగో జానలో ముప్పావు దగ్గర వస్తుంది. చైనాలోని ఒక రాజు అక్కడికి ఒక భిక్షువును, గ్రంథాలను పంపాడు. ఆ తర్వాత జపాన్. కొరియాలోని ఒక రాజు బుద్ధ విగ్రహాన్ని, గ్రంథాలను అక్కడికి పంపాడు. అది 538లో అని ఒక పాత పుస్తకం, 552లో అని మరొకటి చెబుతాయి. అక్కడ చిన్న పేలిక కట్టండి.

చైనా ముడికీ కొరియా ముడికీ మధ్య మూడు జానల ఖాళీ ఉంది. ఎందుకని? ఒక కారణం భాష. చైనా వాళ్ళకు మన భాషలు రావు. 148లో ఆన్ షిగావ్ అనే భిక్షువు పడమటి దేశం నుంచి లొయాంగ్ నగరం చేరి, గ్రంథాలను చైనా భాషలోకి మార్చే పని మొదలుపెట్టాడు. ఆ పని వందల ఏళ్ళు సాగింది. కొరియా, జపాన్ వాళ్ళు రాతకు చైనా అక్షరాలే వాడుకున్నారు. కాబట్టి చైనాలో తయారైన పుస్తకాలనే నేరుగా చదువుకున్నారు.

దక్షిణ దారి వేరు. ఐదో జానలో, అంటే 400కూ 500కూ మధ్య, ఒక ముడి వేయండి. అది బర్మా. అక్కడ శ్రీక్షేత్రం అనే పాత నగరంలో ఇరవై బంగారు రేకులు దొరికాయి. వాటి మీద బుద్ధుడి మాటలు పాళీ భాషలోనే ఉన్నాయి, మార్చలేదు. కానీ అక్షరాలు దక్షిణ భారత అక్షరాల్లా ఉన్నాయి. ఈ దారిలో భాషతో పాటు అక్షరాలు కూడా ప్రయాణం చేశాయి. బర్మా, థాయి, కాంబోడియా అక్షరాలూ మన తెలుగు అక్షరాలూ బ్రాహ్మి అనే ఒకే పాత లిపి నుంచి వచ్చినవే.

చిట్టచివరి జానలో, 1200కూ 1300కూ మధ్య, ఆఖరి ముడి. అది థాయిలాండ్‌లోని సుఖోథాయి రాజ్యం. అక్కడి రాజులు సింహళ పద్ధతి బౌద్ధాన్ని ఆదరించారు. అశోకుడి ముడి నుంచి ఇక్కడికి ఎన్ని జానలో కొలిచి చూడండి. దాదాపు పదిహేను.

ఇప్పుడు మీరే లెక్క కట్టండి.

1. కొరియా నుంచి జపాన్ చేరడానికి ఎన్నేళ్ళు పట్టింది? 552లోంచి 372 తీసేయండి. 538 అనుకుంటే ఎంత వస్తుంది?

2. మహిందుడి ప్రయాణానికీ చైనా మొదటి రాతకూ మధ్య ఎన్నేళ్ళు? ఎర్ర దారం దాటుతున్నారు కనుక, ఇక్కడ తీసివేయకూడదు. కూడాలి.