విలోమ మాత్రిక ఎంత వేగంగా మారుతుంది?

2x + y = 7, x + y = 4. పదో తరగతి పిల్లలు వీటి జవాబు ఇట్టే చెప్పేస్తారు: x = 3, y = 1. మొదటి సమీకరణంలో y ముందున్న 1 కాస్త పెరిగి 1.01 అయిందనుకోండి. జవాబు ఎంత కదులుతుంది? రెండే సమీకరణాలు కాబట్టి మళ్లీ సాధించేయవచ్చు. వంతెన డిజైన్ చేసే ఇంజినీరు ముందు మాత్రం ఇలాంటివి వేలల్లో ఉంటాయి. ఒక దూలం మందం కాస్త పెంచితే వంతెన వంగడం ఎంత తగ్గుతుందో ఆయనకు తెలియాలి. అలా ప్రతి దూలానికీ మొత్తం లెక్క మొదటి నుంచి చేస్తూ కూర్చోలేరు.

గుణకాలను ఒక మాత్రికగా రాసి దాన్ని A అందాం. పెరుగుదలను t అందాం.

```
A(t) = | 2  1+t |
       | 1   1  |
```

జవాబు కావాలంటే A విలోమంతో, అంటే A⁻¹తో, కుడివైపు సంఖ్యలను గుణించాలి. కాబట్టి అసలు ప్రశ్న ఇది: t మారుతుంటే A⁻¹ ఏ వేగంతో మారుతుంది?

విలోమాన్ని t లో విడమరచి రాసి, ఒక్కో మూలకాన్ని అవకలనం చేయడం ఒక దారి. మాత్రిక పెద్దదైతే ఆ దారిలో నడవలేం. రెండో దారి చాలా అందమైనది. విలోమం లోపల ఏముందో చూడకుండా, దాని నిర్వచనాన్నే పట్టుకుంటాం. t ఎంతైనా A·A⁻¹ = I. యూనిట్ మాత్రిక I ఎప్పటికీ మారదు కనుక దాని అవకలజం సున్నా. ఎడమవైపు లబ్ధానికి మామూలు అవకలన సూత్రం వాడితే:

```
A'·A⁻¹ + A·(A⁻¹)' = 0
```

మొదటి పదాన్ని అవతలికి పంపి, రెండు వైపులా ఎడమ నుంచి A⁻¹తో గుణిస్తే చాలు:

```
(A⁻¹)' = −A⁻¹·A'·A⁻¹
```

ఇంటర్‌లో 1/a అవకలజం −a'/a² అని నేర్చుకున్నాం. ఇదీ అదే పోలికలో ఉంది. అందుకే చాలామంది రెండు A⁻¹లనూ ఒకచోట చేర్చి −A⁻²·A' అని రాసేస్తారు. తప్పు అక్కడే జరుగుతుంది. మాత్రికల గుణకారంలో వరుస మారిస్తే ఫలితం మారిపోతుంది. A' మధ్యలోనే ఉండాలి.

మన ఉదాహరణలో t = 0 దగ్గర చూద్దాం. అడ్డవరుసల వారీగా రాస్తే A⁻¹ = [1, −1; −1, 2]. A లో t ఒక్కచోటే ఉంది కాబట్టి A' = [0, 1; 0, 0]. సూత్రం ప్రకారం విలోమం మారే వేగం [1, −2, −1, 2]. చేర్చి రాసిన తప్పు సూత్రం [0, −2, 0, 3] ఇస్తుంది. ఏది నిజమో తేల్చడం సులువు. t = 0.01 పెట్టి విలోమం కట్టి, పాతదాన్ని తీసేసి, 0.01తో భాగించండి. దాదాపు [1.01, −2.02, −1.01, 2.02] వస్తుంది. కంప్యూటర్‌లో ఈ సూత్రం రాసేవాళ్లు మొదట చేయాల్సిన పరీక్ష ఇదే.

ఈ వేగంతో 7, 4లను గుణిస్తే x కు −1, y కు +1 వస్తాయి. అంటే t 0.01 పెరిగితే x సుమారు 2.99, y సుమారు 1.01 కావాలి. తిరిగి సాధిస్తే 2.9899, 1.0101 వస్తాయి. వేల సమీకరణాలున్నచోట విలోమాన్ని అసలు కట్టనే కట్టరు. A·x' = −A'·x అనే సమీకరణాన్ని సాధిస్తారు. మొదటి జవాబు కోసం A ను విడగొట్టిన పనే ఇక్కడా పనికొస్తుంది కాబట్టి అదనపు శ్రమ చాలా తక్కువ.

ఒక సూక్ష్మం ఉంది. పై వాదన A⁻¹కు అవకలజం ఉందని ముందే అనుకుని సాగింది. ఆ భరోసా వేరేచోట నుంచి రావాలి. విలోమంలోని ప్రతి మూలకం A మూలకాల కూడికలు, గుణకారాలతో వచ్చిన సంఖ్యను నిర్ధారకంతో భాగించినదే. కనుక A మూలకాలకు అవకలజాలుండి, నిర్ధారకం సున్నా కానంతవరకు భయం లేదు.

మన నిర్ధారకం 1 − t. t 1కి దగ్గరయ్యేకొద్దీ ముప్పు కనిపిస్తుంది. సూత్రంలో A⁻¹ రెండుసార్లు ఉంది కదా! t = 0.9 దగ్గర విలోమంలో మొదటి మూలకం 10 అయితే, దాని వేగం 100. అక్కడ వేగాన్ని నమ్మి t ని 0.05 జరిపితే 15 అని అంచనా వస్తుంది, అసలు విలువ 20.

చతురస్రం కాని మాత్రికలకు ఈ పద్ధతి ఇలాగే పనిచేయదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు లోతుగా పరిశోధించిన సాధారణీకృత విలోమాలు అలాంటి మాత్రికల కోసమే. అక్కడ A ను దాని విలోమంతో గుణిస్తే I రావాలని లేదు, వచ్చేది t తో పాటు మారవచ్చు. కాబట్టి కుడివైపు సున్నా మిగలదు. వాటిలో బాగా వాడుకలో ఉన్న మూర్-పెన్రోజ్ విలోమానికి అవకలజ సూత్రం ఉంది. అందులో ఒకటికి బదులు మూడు పదాలుంటాయి. t మారేటప్పుడు మాత్రిక కోటి మారకూడదన్న షరతూ ఉంటుంది.