కక్షతో బదిలీ చేస్తే

పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకు ఇందౌర్ శాఖలో చీఫ్ మేనేజర్‌గా ఉన్న ఒక మహిళ మద్యం కాంట్రాక్టర్ల ఖాతాల్లో అక్రమాలున్నాయని పైవారికి రాశారు. 2017లో ఆమెను జబల్‌పూర్ జిల్లాలోని సర్సావా శాఖకు బదిలీ చేశారు. ఆమెది స్కేల్ నాలుగు హోదా, ఆ శాఖ స్కేల్ ఒకటి అధికారికి సరిపోయేది. కక్షసాధింపును పట్టించింది ఈ తేడాయే. 2020లో సుప్రీంకోర్టు ఆమెను ఇందౌర్‌కు తిరిగి పంపమని, 50,000 రూపాయల ఖర్చులు ఇవ్వమని చెప్పింది.

దూరం ఒక్కటే చూపితే కోర్టు వినదు. బదిలీ ఉద్యోగంలో భాగమే. మీరు రాసిన ఫిర్యాదు తేదీ, బదిలీ ఉత్తర్వు తేదీ, బదిలీ విధానంలో ఏ నిబంధన తప్పారో, ఈ మూడూ పక్కపక్కన పెట్టాలి. శిక్ష వేయాలనుకుంటే విచారణ జరపాలి, బదిలీని దానికి బదులుగా వాడకూడదని 2008లో సోమేశ్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే ఉత్తర్వు అందగానే కోపంతో ఇంట్లో కూర్చోకండి. స్టే రాకుండా చేరకపోతే అదే క్రమశిక్షణ చర్యకు కారణమవుతుంది. వెంటనే రాతపూర్వకంగా అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే బ్యాంకు ఉద్యోగులు హైకోర్టుకు, కేంద్ర ఉద్యోగులు ముందుగా క్యాట్‌కు వెళ్లాలి.