మీ షేర్లు బ్రోకర్ దగ్గర ఉండవు

ప్రశ్న: నేను డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. ఫోన్‌లో ఒక బ్రోకర్ యాప్ ద్వారా డీమ్యాట్ ఖాతా తెరిచి, ఒక కంపెనీ షేర్లు పది కొన్నాను. రేపు ఆ బ్రోకర్ కంపెనీ మూతపడితే నా షేర్లు ఏమవుతాయి? అసలు అవి ఇప్పుడు ఎక్కడున్నాయి?

జవాబు: మీ షేర్లు డిపాజిటరీలో, మీ పేరు మీద ఉన్నాయి. మన దేశంలో డిపాజిటరీలు రెండే: 1996లో మొదలైన ఎన్‌ఎస్‌డీఎల్, 1999లో వచ్చిన సీడీఎస్‌ఎల్. ఏ షేరు ఎవరిదో రాసి ఉంచే పద్దు వీటి దగ్గరే ఉంటుంది. అయితే ఇవి మనతో నేరుగా ఖాతా తెరిపించవు. ఆ పని తమ తరఫున డిపాజిటరీ పార్టిసిపెంట్లకు, అంటే డీపీలకు అప్పగిస్తాయి. మీ బ్రోకరే మీ డీపీ కూడా కావడంతో రెండూ ఒకటే అనిపిస్తుంది. బ్రోకర్‌గా అతను మీ ఆర్డరును ఎక్స్ఛేంజీకి పంపుతాడు. డీపీగా మీ ఖాతా కాగితాలు చూస్తాడు. షేర్ల మీద హక్కు మాత్రం మీదే.

మీ ఖాతా ఏ డిపాజిటరీలో ఉందో తెలుసుకోవడం సులువు. యాప్‌లో మీ ప్రొఫైల్ తెరిచి 16 అక్షరాల డీమ్యాట్ నంబరు చూడండి. అది IN అనే అక్షరాలతో మొదలైతే ఎన్‌ఎస్‌డీఎల్, మొత్తం అంకెలే అయితే సీడీఎస్‌ఎల్.

ప్రశ్న: సోమవారం కొంటే మంగళవారం గానీ నా ఖాతాలో పడలేదు. మధ్యలో ఏం జరుగుతుంది?

జవాబు: మీరు 250 రూపాయల చొప్పున పది షేర్లు కొన్నారనుకుందాం. సోమవారం ఎక్స్ఛేంజీలో బేరం కుదురుతుంది, అంతే. 2,500 రూపాయలూ, వాటిపై పన్నులూ మీ ట్రేడింగ్ ఖాతాలోంచి వెళ్తాయి. అమ్మినవాళ్ల దగ్గర షేర్లు, కొన్నవాళ్ల దగ్గర డబ్బు తీసుకుని లెక్క తీర్చేది క్లియరింగ్ కార్పొరేషన్. అవతలివాడు మాట తప్పినా బేరం ఆగకుండా చూసే పూచీ దానిదే. మర్నాటి పనిదినానికి షేర్లు మీ డీమ్యాట్‌కు చేరతాయి. గతంలో అవి ముందు బ్రోకర్ ఖాతాకు వెళ్లి, అక్కణ్ణుంచి మీకు వచ్చేవి. ఇప్పుడు నేరుగా మీ ఖాతాలోకే పంపాలని సెబీ నిబంధన పెట్టింది.

ప్రశ్న: అమ్మేటప్పుడు టీపిన్, ఓటీపీ ఎందుకు అడుగుతున్నారు? చిరాగ్గా ఉంది.

జవాబు: దానికి కారణం మన హైదరాబాద్‌లోనే ఉంది. ఇక్కడ కేంద్ర కార్యాలయం ఉన్న కార్వీ స్టాక్ బ్రోకింగ్ మీద 2019 నవంబరు 22న సెబీ ఉత్తర్వు ఇచ్చింది. ఖాతాదారులు అప్పట్లో బ్రోకర్‌కు పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చేవారు. దాన్ని అడ్డం పెట్టుకుని సంస్థ వాళ్ల షేర్లను తన పేరున ఉన్న డీమ్యాట్ ఖాతాలోకి మార్చి, తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుంది. కొద్దిరోజుల్లోనే, డిసెంబరు 2న, ఎన్‌ఎస్‌డీఎల్ 80 వేలకు పైగా ఖాతాదారుల షేర్లను తిరిగి వాళ్ల ఖాతాల్లో వేసింది. మూల పద్దు డిపాజిటరీ చేతిలో ఉండబట్టే అది సాధ్యమైంది. అయినా వేలమంది పడిన ఆందోళన చిన్నది కాదు.

ఆ తరువాత నిబంధనలు బిగిశాయి. ఇప్పుడు సీడీఎస్‌ఎల్ ఖాతాలోంచి షేరు బయటికి వెళ్లాలంటే టీపిన్, ఓటీపీతో మీరే అనుమతించాలి. లేదంటే డీడీపీఐ అనే పత్రంపై ముందే సంతకం చేయాలి. అది అమ్మకం, తాకట్టు లాంటి కొన్ని పనులకే పరిమితం. రోజూ అమ్మని విద్యార్థికి ఆ పత్రం అక్కర్లేదు, ఓటీపీయే మేలు.

అమ్మినప్పుడు మరో సంగతి గమనించండి. డీపీ రుసుము షేర్ల సంఖ్యను బట్టి కాదు, ఒక రోజు ఒక కంపెనీ అమ్మకానికి ఇంత అని పడుతుంది. సాధారణంగా అది పదిహేను, ఇరవై రూపాయల మధ్య ఉంటుంది. పది షేర్లను ఒకేసారి అమ్మితే ఒక్కసారే పడుతుంది. రోజుకొకటి చొప్పున అమ్మితే పదిసార్లు కడతారు.

ప్రశ్న: మరి యాప్‌లో నేను వేసిన డబ్బు కూడా అంతే భద్రమా?

జవాబు: అంత కాదు. వాడకుండా ఉన్న డబ్బు డిపాజిటరీలో ఉండదు. మీరు ఎంచుకున్నదాన్ని బట్టి నెలకో, మూడు నెలలకో ఆ మిగులును మీ బ్యాంకు ఖాతాకు తిప్పి పంపాలన్న నియమం ఉంది. అయినా కొనే రోజుకు కావలసినంతే వేసుకోవడం మంచిది.

ఇక నిజానిజాలు తేల్చుకునేది డిపాజిటరీ పంపే సమాచారంతోనే. యాప్ తెర బ్రోకర్ చూపించేది. ఖాతాలో లావాదేవీ జరిగిన నెలకు డిపాజిటరీ మెయిల్‌కు పంపే సీఏఎస్ నివేదికలో మీ పది షేర్లు ఉన్నాయో లేదో చూడండి. యాప్‌కూ దానికీ తేడా కనబడితే ఆలస్యం చేయకుండా డీపీకి రాయండి, స్పందన లేకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఈ కబుర్లన్నీ మీకు చేరాలంటే ఖాతాలో నమోదైన ఫోన్ నంబరు, మెయిల్ మీవే అయి ఉండాలి. ఖాతా తెరిపించిన ఏజెంటువో, స్నేహితుడివో అయితే ఈ రోజే మార్పించుకోండి.