32 దగ్గర ఖాళీ

నా పాత ల్యాబ్ నోట్‌బుక్కుల్లో ఒక పేజీకి అంచున నీలిరంగు వేలిముద్ర ఉంది. ప్రొటీన్లకు రంగు వేసే కూమాసీ బ్లూ అది, ఓ పట్టాన వదలదు. ఆ పేజీలో ఒక జెల్ ఫోటో అతికించి, దాని కింద ఇలా రాశాను: "ప్రొటీన్ రాలేదు. ఐపీటీజీ పాడైపోయింది." రెండో వాక్యం మీద ఒకే ఒక గీత. పక్కన నా పొడి సంతకం, తేదీ. గీత కింద అక్షరాలు ఇప్పటికీ చదవడానికి వీలుగానే ఉన్నాయి. ల్యాబ్ నోట్‌బుక్కులో తప్పును కొట్టేయాల్సిన పద్ధతి అదే. వైట్‌నర్ పూయకూడదు, పేజీ చించకూడదు.

ఆ గీత కొట్టించింది మా గైడ్ మేడమ్. హైదరాబాదులో నేను పరిశోధనకు చేరిన మొదటి ఏడాది అది. మేడమ్ పేజీ చూసి, "ఐపీటీజీ పాడైందని నువ్వు చూశావా అమ్మా, అనుకున్నావా?" అని అడిగారు. "అనుకున్నాను మేడమ్" అన్నాను. "అయితే అది ఇక్కడ ఉండకూడదు. నువ్వు చూసిందేమిటో ముందు రాసుకొని రా."

అసలు చేసిన పని ఏమిటో చెప్పాలి. మనకు కావలసిన ప్రొటీన్‌ను ఈ. కోలై అనే బాక్టీరియా చేత తయారు చేయించడం. ఆ ప్రొటీన్ జన్యువును ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయంలో పెట్టి బాక్టీరియాలోకి ఎక్కిస్తాం. జన్యువుకు ఒక స్విచ్ ఉంటుంది. ఆ స్విచ్ మనం కనిపెట్టింది కాదు. పాలచక్కెర, అంటే లాక్టోజ్, దొరికినప్పుడే దాన్ని జీర్ణం చేసే ఎంజైములను బాక్టీరియా తయారు చేసుకుంటుందనీ, మిగతా వేళల్లో ఆ జన్యువులను కట్టిపెడుతుందనీ పారిస్‌లో జాకబ్, మొనో 1961లో వివరించారు. లాక్టోజ్‌ను పోలిన ఐపీటీజీ అనే రసాయనం ఆ స్విచ్‌ను వేస్తుంది, కానీ బాక్టీరియా దాన్ని తినలేదు కాబట్టి అది తరిగిపోదు. ఈ స్విచ్‌కు టీ7 అనే వైరస్ నుంచి తీసుకున్న చురుకైన ఎంజైమును జోడించే పద్ధతిని అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో స్టూడియర్, మొఫాట్ 1986లో ప్రకటించారు. బీఎల్21(డీఈ3) అనే బాక్టీరియా, పెట్ అనే ప్లాస్మిడ్ల కుటుంబం అక్కడి నుంచే వచ్చాయి. స్విచ్ వేయడాన్ని ల్యాబుల్లో ఇండక్షన్ అంటారు.

నేను తయారు చేయించాలనుకున్నది 32 కిలోడాల్టన్ల బరువున్న ఒక ఎంజైము. అది ఎక్కువైతే బాక్టీరియాకే కాస్త ఇబ్బంది. మూడు వారాల కిందట అదే ప్లాస్మిడ్‌తో ఒకసారి చక్కగా వచ్చింది. ఈసారి రాలేదు.

మేడమ్ గదిలోంచి బయటికొచ్చి మళ్లీ రాసిన ఎంట్రీ ఇది, కొంచెం కుదించి:

"ఫ్రిజ్‌లోని మూడు వారాల నాటి ప్లేటు నుంచి ఒక కాలనీ తీసి, 5 మిల్లీలీటర్ల ద్రవంలో రాత్రంతా పెంచాను. 14 గంటలనుకున్నది 18 గంటలైంది. అందులోంచి ఒక్కో మిల్లీలీటరు రెండు ఫ్లాస్కుల్లో వేశాను. ఒక్కో దాంట్లో 50 మిల్లీలీటర్లు, యాంపిసిలిన్ మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు. 37 డిగ్రీలు. ఓడీ 0.6కు రాగానే ఒకదాంట్లో 25 మైక్రోలీటర్ల ఐపీటీజీ, రెండోదాంట్లో ఏమీ లేదు. మూడు గంటల తర్వాత ఓడీ: ఐపీటీజీ వేసినదాంట్లో 3.1, వేయనిదాంట్లో 3.2. జెల్ మీద రెండు లేన్లూ ఒకేలా ఉన్నాయి. 35, 25 గీతల మధ్య కొత్త బ్యాండు లేదు. పక్క బెంచీ అక్క నడిపిన జీఎఫ్‌పీ శాంపిల్‌లో బ్యాండు స్పష్టంగా ఉంది. ఆమె వాడింది ఇదే ఐపీటీజీ ట్యూబు."

ఓడీ అంటే ద్రవం ఎంత మసకబారిందో చెప్పే అంకె. బాక్టీరియా పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. జెల్ సంగతి ఇంకా సులువు. కణాలను ఎస్‌డీఎస్ అనే డిటర్జెంటుతో మరిగించి, జిగురులాంటి పలక గుండా కరెంటుతో లాగితే ప్రొటీన్లు బరువును బట్టి విడిపోతాయి, చిన్నవి కిందికి, పెద్దవి పైన. మన ప్రొటీన్ తయారై ఉంటే 32 దగ్గర లావుపాటి నీలి గీత కనబడాలి.

పై ఎంట్రీలో చివరి వాక్యం రాస్తూండగానే నా మొదటి తీర్పు కూలిపోయింది. అదే ట్యూబులోంచి తీసిన ఐపీటీజీ పక్క బెంచీ మీద బాగానే పనిచేసింది. పాడైందెక్కడ? మొదటిసారి ఆ సంగతి తెలిసి కూడా నేను రాయలేదు, అందుకే అది నాకు కనబడలేదు.

ఆ తర్వాత పేజీకి కుడివైపున "కారణాలు కావచ్చు" అని రాసి ఒక్కొక్కటే పరీక్షించుకుంటూ పోయాను. ప్రొటీన్ తయారై ముద్దకట్టి ఉంటుందా అన్నది మొదట తట్టింది. తరచుగా జరిగేదే. తొందరగా తయారైన ప్రొటీన్ సరిగా మడతపడక, కణంలోనే గడ్డలుగా పేరుకుంటుంది. కానీ నేను జెల్‌కు ఎక్కించింది కణాన్ని పగలగొట్టి వడకట్టిన పైతేట కాదు, మొత్తం కణాన్ని మరిగించిన శాంపిల్. ఎస్‌డీఎస్‌లో మరిగిస్తే గడ్డలు కూడా కరుగుతాయి. ముద్దకట్టినా బ్యాండు మాత్రం కనబడి తీరాలి. కొత్తవాళ్లు ఈ రెంటినీ కలిపేసి, బ్యాండే లేని చోట మడతల గురించి నెలలు పోగొట్టుకోవడం నేను తర్వాత చాలాసార్లు చూశాను.

ప్లాస్మిడ్‌లో అక్షరదోషం ఉందా? అదే ప్లాస్మిడ్ మూడు వారాల కిందట పనిచేసింది. తప్పు బాక్టీరియాను వాడానా? ప్లాస్మిడ్‌ను దాచుకోవడానికి వాడే డీహెచ్5ఆల్ఫాలో టీ7 ఎంజైము ఉండదు, అందులో ఎంత ఐపీటీజీ పోసినా పెట్ ప్లాస్మిడ్ ఉలకదు పలకదు. కానీ ప్లేటు మొదటిసారి వాడినదే. ఇక ప్రొటీన్ మరీ తక్కువగా తయారై కూమాసీకి అందలేదా అన్నది మిగిలింది. దానికి యాంటీబాడీలతో వెస్టర్న్ బ్లాట్ చేయాలి, రెండు రోజుల పని.

అప్పుడు మేడమ్ వేలు పెట్టి చూపించింది నేను పెద్దగా పట్టించుకోకుండా రాసిన రెండు అంకెలను. 3.1, 3.2.

"నీ ప్రొటీన్ తయారవుతుంటే కణాలు ఇంత హాయిగా పెరుగుతాయా?"

టీ7 స్విచ్ పడితే కణం తన శక్తినంతా ఆ ఒక్క ప్రొటీన్ మీదే పెడుతుంది, పెరుగుదల మందగిస్తుంది. మొదటిసారి చేసినప్పటి పేజీ తిప్పి చూస్తే, ఐపీటీజీ వేసిన ఫ్లాస్కు 1.7 దగ్గరే ఆగింది, వేయనిది 3 దాటింది. ఈసారి రెండూ సమానం. అంటే ఐపీటీజీ పడ్డ సంగతే చాలా కణాలకు తెలియలేదు. స్విచ్ లేకపోతే తెలియదు మరి. స్విచ్ ఉన్నది ప్లాస్మిడ్‌లో.

ప్లాస్మిడ్ ఉందో లేదో తేల్చే పరీక్షకు నాలుగు ప్లేట్లు చాలు. ఇండక్షన్‌కు ముందు తీసిన శాంపిల్ కొంచెం అదృష్టవశాత్తు ఫ్రిజ్‌లో మిగిలి ఉంది. దాన్ని లక్ష రెట్లు పలుచన చేసి, ఒక్కో ప్లేటు మీద 50 మైక్రోలీటర్లు పరిచాను. మామూలు ప్లేటు మీద బతికున్న కణాలన్నీ కాలనీలు కడతాయి. యాంపిసిలిన్ ప్లేటు మీద ప్లాస్మిడ్ ఉన్నవి మాత్రమే బతుకుతాయి, ఎందుకంటే ఆ మందును తట్టుకొనే జన్యువు కూడా ప్లాస్మిడ్‌లోనే ఉంది. ఐపీటీజీ ప్లేటు మీద లెక్క తిరగబడుతుంది. ప్లాస్మిడ్ ఉన్న కణం ప్రొటీన్ తయారీలో పడి కాలనీ కట్టలేదు, పోగొట్టుకున్నది కడుతుంది. రెండూ ఉన్న ప్లేటు మీద దాదాపు ఏదీ రాకూడదు. వస్తే అది ప్లాస్మిడ్ ఉంచుకొని కూడా ప్రొటీన్ తయారు చేయడం మానేసిన కణం, అంటే స్విచ్ పాడైన కణం. ఆరోగ్యంగా ఉన్న కల్చర్‌లో మామూలు ప్లేటు మీదా యాంపిసిలిన్ ప్లేటు మీదా ఇంచుమించు ఒకే సంఖ్య రావాలి.

మర్నాడు పొద్దున లెక్కపెట్టాను. మామూలు ప్లేటు: 212. యాంపిసిలిన్: 6. ఐపీటీజీ: 205. రెండూ: సున్నా. నూటికి 97 కణాల్లో ప్లాస్మిడ్ లేదు. మిగిలిన మూడు కణాలు తమ వంతు ప్రొటీన్ తయారు చేసినా కూమాసీ కంటికి ఆనదు.

మరి ఫ్లాస్కులో యాంపిసిలిన్ ఉందిగా, ప్లాస్మిడ్ లేని కణాలు ఎలా బతికాయి? ఈ ప్రశ్నకు జవాబు మన వంటింట్లో ఉంది. పులిసిపోయిన పెరుగుతో తోడు వేస్తే, తోడుతో పాటు పులుపు కూడా కొత్త పాలలోకి పోతుంది. యాంపిసిలిన్‌ను తట్టుకొనే కణాలు దాన్ని విరగ్గొట్టే బీటా లాక్టమేజ్ అనే ఎంజైమును తయారు చేస్తాయి. అది కణంలోనే ఉండిపోదు, చుట్టూ ఉన్న ద్రవంలోకి కారుతుంది. రాత్రంతా పెరిగి నిండిపోయిన కల్చర్‌లో అది దండిగా ఉంటుంది. మందు విరిగిపోయాక ప్లాస్మిడ్ లేని కణానికి భయం లేదు. పైగా ప్లాస్మిడ్ మోసే బరువు, చాటుగా కొద్దికొద్దిగా తయారయ్యే ఇబ్బందికర ప్రొటీన్ బరువు దానికి లేవు కాబట్టి మిగతావాటిని దాటిపోతుంది. నేను 18 గంటలు నిండిన ఆ ద్రవాన్నే, ఎంజైముతో సహా, కొత్త ఫ్లాస్కులో తోడు వేశాను. కొత్తగా వేసిన యాంపిసిలిన్ కూడా కాసేపట్లోనే విరిగింది. పాత ప్లేటు మీద పెద్ద కాలనీ చుట్టూ చిన్న చిన్న కాలనీలు కనబడటం కూడా ఇందువల్లే. పెద్దదాని నుంచి కారిన ఎంజైము నీడలో అవి బతుకుతాయి. వాటిని చూసి కూడా నేను అందులోంచే కాలనీ తీశాను. ఆ సంగతి ఎంట్రీలో లేదు, గుర్తు తెచ్చుకొని "తర్వాత చేర్చినది" అని తేదీ వేసి రాశాను.

ఆ పేజీలో చివరి భాగం "తర్వాత చేయవలసినవి". ప్లాస్మిడ్‌ను కొత్తగా బాక్టీరియాలోకి ఎక్కించి మర్నాడే వాడటం. యాంపిసిలిన్ బదులు, ఎంజైముకు అంత తేలిగ్గా లొంగని కార్బెనిసిలిన్. తోడు కల్చర్‌లో ఒక శాతం గ్లూకోజ్, ఎందుకంటే గ్లూకోజ్ ఉన్నంతసేపూ లాక్టోజ్ స్విచ్ గట్టిగా మూసి ఉంటుంది. తోడును రాత్రంతా నిండనీయకుండా, కణాలను సెంట్రిఫ్యూజ్‌లో కిందికి దింపి, పైద్రవం పారబోసి, తాజా ద్రవంలో కలిపి వేయడం. నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు కదా అని నేను అడిగాను. "నీకు ప్రొటీన్ కావాలా, ప్లాస్మిడ్ ఎలా పోతుందో పేపర్ రాయాలా?" అన్నారు మేడమ్. ప్రొటీనే కావాలి. కానీ ఇండక్షన్‌కు ముందు మాత్రం ప్రతిసారీ మామూలు, యాంపిసిలిన్ ప్లేట్లు రెండైనా వేయాలని రాసుకున్నాను.

తర్వాతి ఎంట్రీ నాలుగు రోజుల తర్వాతిది. మామూలు ప్లేటు 188, యాంపిసిలిన్ 185. ఐపీటీజీ వేసిన ఫ్లాస్కు ఓడీ 1.6, వేయనిది 3.0. 32 దగ్గర లావుపాటి బ్యాండు. దాని కింద మరో జెల్ ఫోటో ఉంది, కణాలను పగలగొట్టి పైతేటనూ అడుగునూ విడివిడిగా నడిపింది. బ్యాండు మొత్తం అడుగులోనే ఉంది. ఈసారి నిజంగానే ముద్దకట్టింది. దాని పక్కన నా రాత: "చూసింది: పైతేటలో లేదు. అనుకుంటున్నది: 37 డిగ్రీలు ఎక్కువేమో. రేపు 18 డిగ్రీల దగ్గర, రాత్రంతా."