సబ్బునీళ్లలో నానేసిన పంపు

2016లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక బిడ్డ 29 వారాలకే పుట్టింది. నెలలు నిండని పిల్లల వార్డులో ఉన్న ఆ బిడ్డకు తల్లి పంపుతో పాలు తీసి పంపేది. మూడు వారాల వయసులో బిడ్డ రక్తానికి ఇన్ఫెక్షన్ సోకింది. అది మెదడు పొరలకూ పాకింది. పరీక్షల్లో క్రోనోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా బయటపడింది. డాక్టర్లకు ఈ పేరు వినగానే ముందు పాలపొడి డబ్బా గుర్తొస్తుంది, ఎందుకంటే ఈ క్రిమి ఎండిన పొడిలో కూడా చాలాకాలం బతికి ఉంటుంది. కానీ ఈ బిడ్డకు పాలపొడి పట్టలేదు.

మరి ఎక్కణ్నుంచి వచ్చిందని వెతుక్కుంటూ పోతే, అదే రకం క్రిమి తల్లి ఇంట్లో వాడే పాలపంపు భాగాల్లో, ఆ పంపుతో తీసిన పాలలో, వంటింటి సింకు తూములో దొరికింది. ఆ తల్లి నిర్లక్ష్యంగా ఏమీ లేదు. పాలు తీసిన తర్వాత పంపు భాగాలను సబ్బునీళ్లలో నానేసేది. ఒక్కోసారి 5 గంటల దాకా అవి అలాగే నానేవి. తర్వాత బ్రష్‌తో రుద్దకుండా, మరిగించకుండా, నీళ్లతో కడిగి ఆరబెట్టి, మళ్లీ పాలు తీసేదాకా ప్లాస్టిక్ సంచిలో మూసి ఉంచేది. బిడ్డ బతికింది గానీ మెదడు దెబ్బతిని సెరిబ్రల్ పాల్సీ మిగిలింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2017లో ఈ కేసు వివరాలు ప్రచురించింది. పాలపంపు ఎలా కడగాలో తల్లులకు అర్థమయ్యేలా సూచనలు కూడా విడుదల చేసింది.

ఆ తల్లి చేసిన పని మనకు కొత్తదేమీ కాదు. అంట్లు సింకులో వేసి నీళ్లు పోసి నానేయడం, తీరిక దొరికినప్పుడు తోముకోవడం మన ఇళ్లలో రోజూ చేసేదే. అన్నం గిన్నెకు అది పనికొస్తుంది. పాలు తాకిన వస్తువు సంగతి వేరు. పంపు గరాటులోనూ సీసా మెడలోనూ మిగిలిన పాలు నానబెట్టిన నీళ్లలోకి దిగుతాయి. కొద్దిపాటి సబ్బు క్రిములను చంపదు. కాస్త గోరువెచ్చగా ఉన్న ఆ పాలనీళ్లు వాటికి మంచి తిండి. లెక్కకోసం అరగంటకోసారి రెట్టింపవుతాయనుకుందాం. 5 గంటల్లో 10 సార్లు రెట్టింపవుతాయి, అంటే ఒక్కటి 1,024 అవుతుంది. పైగా అన్నిటినీ ఒకే నీళ్లలో వేస్తాం కాబట్టి, ఒక భాగానికి అంటిన క్రిమి మిగిలినవాటికీ చేరుతుంది. సింకులోనే నానేస్తే తూములో ఉన్నవి కూడా వచ్చి కలుస్తాయి.

అందుకే మొదటి జాగ్రత్త వాడిన వెంటనే తీసుకోవాలి. పాలు తీయడం అవ్వగానే పంపును పూర్తిగా విడదీయండి. రొమ్ముకు ఆనించే గరాటు, దాన్ని సీసాకు కలిపే భాగం, వాల్వు, పల్చటి మెంబ్రేన్, సీసా, మూత అన్నీ విడివిడిగా ఉండాలి. చాలామంది కనెక్టర్ నుంచి వాల్వును ఊడదీయరు. పాలు ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే. విడదీసిన వాటిని ముందు పారే చల్లటి నీళ్ల కింద పట్టండి. మొదటే వేడినీళ్లు పోస్తే పాలలోని ప్రోటీను గట్టిపడి ప్లాస్టిక్‌కు అతుక్కుంటుంది. పాలు పోయాక గోరువెచ్చటి నీళ్లూ, గిన్నెలు తోమే లిక్విడూ వాడండి. వెన్న జిడ్డు వదలాలంటే ఈ వెచ్చదనం కావాలి.

కడగడానికి ఒక చిన్న టబ్బును బిడ్డ వస్తువులకే కేటాయించండి. బ్రష్ కూడా అంతే, అది వేరే గిన్నెల జోలికి పోకూడదు. సీసా అడుగు, మెడ దగ్గరి మరలు, పీక లోపలి అంచు రుద్దాలి. పీకకు సబ్బునీళ్లు పట్టించి వేళ్లతో నొక్కితే కన్నంలోంచి నీళ్లు చిమ్మాలి, అప్పుడే అది తెరుచుకున్నట్టు. ఇనుప పీచూ ముతక స్క్రబ్బరూ వాడకండి. ప్లాస్టిక్ మీద పడే గీతల్లో పాల జిడ్డు ఇరుక్కుంటుంది, బ్రష్ అక్కడికి చేరదు. మెంబ్రేన్‌ను, వాల్వును మాత్రం వేళ్లతోనే మెల్లగా రుద్దండి. అవి చిరిగితే పంపు పీల్చడం తగ్గిపోతుంది. పంపు బలం హఠాత్తుగా తగ్గితే మోటారు పాడైందనుకునే ముందు ఈ రెండిటినీ వెలుతురులో పట్టి చూడండి. తరచూ తప్పు వాటిలోనే ఉంటుంది. టబ్బునూ బ్రష్‌నూ కూడా రెండు మూడు రోజులకోసారి మరిగించాలి, లేదా వేడినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టాలి.

ఇక మరిగించడం. చాలా ఇళ్లలో కడగడం పైపైన చేసి, మరిగించామన్న ధైర్యంతో ఉంటారు. జిడ్డు ఉండగా మరిగిస్తే క్రిములకు కంచె వేసినట్టే, వేడి లోపలికి సరిగా చేరదు. బాగా కడిగిన వస్తువులకే మరిగే నీళ్లు పనిచేస్తాయి. స్టీలు గిన్నె అడుగున శుభ్రమైన గుడ్డ పరిచి, అన్నీ పూర్తిగా మునిగేలా నీళ్లు పోయండి. గుడ్డ లేకపోతే పల్చటి వాల్వులు అడుగుకు తగిలి ముడుచుకుపోతాయి. సీసాను వంచి లోపలి గాలి బయటికి పోనివ్వాలి. గాలి బుడగ మిగిలితే ఆ చోటుకు నీళ్లు తగలవు. బుడబుడా మరగడం మొదలయ్యాక గడియారం చూసుకోండి. సీడీసీ 5 నిమిషాలు చాలంటుంది, బ్రిటన్ ఆరోగ్యశాఖ కనీసం 10 నిమిషాలంటుంది. మీ పంపు పెట్టెలో వచ్చిన కాగితం చూసి ఆ భాగాలు మరిగించదగినవో లేదో తేల్చుకోండి. మోటారునూ ట్యూబునూ మరిగించకూడదు.

ఉప్పునీళ్లు వచ్చే బోరు ఉన్న ఇళ్లలో మరిగించాక తెల్లటి పొర మిగులుతుంది. అది సున్నం, మురికి కాదు. తాగడానికి ఫిల్టర్ చేసిన నీళ్లతో మరిగిస్తే తగ్గుతుంది. పొర కట్టిన గిన్నెనూ ఆవిరి స్టెరిలైజర్‌నూ అప్పుడప్పుడు వెనిగరుతోనో నిమ్మ ఉప్పుతోనో శుభ్రం చేయాలి.

మరిగించిన తర్వాత మళ్లీ కుళాయి నీళ్లతో కడగకండి. ఈ ఒక్క అలవాటు చేసిన పనంతా పాడుచేస్తుంది. కడిగిన చేతులతోనో, వాటితోపాటు మరిగించిన పట్టకారుతోనో తీసి, ఉతికిన శుభ్రమైన గుడ్డ మీద బోర్లించి వాటంతటవే ఆరనివ్వండి. చీర కొంగుతోనో వంటింటి గుడ్డతోనో తుడవకండి. పూర్తిగా ఆరాకే మూత బిగించండి. తేమ ఉండగా మూసిన డబ్బాలోనో సంచిలోనో పెడితే, మిగిలిన కొద్దిపాటి క్రిములు పెరగడానికి చోటు దొరుకుతుంది. పెన్సిల్వేనియా కేసులో సంచి కూడా ఉందని మరవకండి. వానాకాలంలో ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి, రెండు జతల భాగాలు ఉంటే తొందర పడాల్సిన పని ఉండదు.

ఎన్నిసార్లు మరిగించాలి అన్నది బిడ్డను బట్టి ఉంటుంది. కడగడం మాత్రం వాడిన ప్రతిసారీ తప్పదు. రెండు నెలలు నిండని పిల్లలకు, నెలలు నిండకుండా పుట్టిన వాళ్లకు, రోగనిరోధక శక్తి తక్కువైన పిల్లలకు కనీసం రోజుకోసారి మరిగించాలని సీడీసీ చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లలకు ప్రతిరోజూ అక్కరలేదని కూడా అంటుంది. బ్రిటన్ మాత్రం ఏడాది దాకా ప్రతిసారీ స్టెరిలైజ్ చేయమంటుంది. నీళ్లు ఎప్పుడు ఎలా వస్తాయో తెలియని మన ఊళ్లలో నేనైతే బ్రిటన్ పద్ధతినే ఎంచుకుంటాను.

ఆఫీసుకు వెళ్లే తల్లుల సంగతి చూద్దాం. ఉదయం 11కు, మధ్యాహ్నం 3కు పాలు తీయాలనుకోండి. రెండు సార్లూ కడగడానికి వీలులేదు కాబట్టి, వాడిన భాగాలను సంచిలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి మధ్యాహ్నం మళ్లీ వాడటం చాలామంది చేస్తున్నారు. చల్లదనం క్రిముల పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది, ఆపదు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ విషయంలో తప్పనప్పుడు కొన్ని గంటలకు సర్దుకోవచ్చు గానీ, నెలలు నిండని బిడ్డ ఇంట్లో ఉంటే అది వద్దు. ఇంట్లో మరిగించి ఆరబెట్టిన రెండో జతను తీసుకెళ్లడమే సులువు. మధ్యాహ్నం దాన్ని వాడి, సాయంత్రం రెండిటినీ ఇంట్లో కడగొచ్చు. అయితే ఆఫీసులోనే వాడగానే ఒకసారి చల్లటి నీళ్లు పోసి పాలను వదిలించుకుంటే సాయంత్రం పని తేలికవుతుంది.

ట్యూబు గురించి ఒక మాట. అందులోకి పాలు రాకపోతే దాన్ని కడగక్కరలేదు. లోపల నీటి చుక్కలు కనిపిస్తే, పాలు తీయడం అయ్యాక ట్యూబును మోటారుకు తగిలించి కొద్ది నిమిషాలు ఉత్తిగా నడపండి, ఆరిపోతుంది. పాలు గానీ నల్లటి బూజు గానీ కనిపిస్తే కడగాలని చూడకుండా పారేయండి. సన్నటి గొట్టం లోపలికి బ్రష్ పోదు, లోపల శుభ్రమైందో లేదో తెలుసుకునే మార్గం లేదు.

పాలపొడి కలిపే ఇళ్లలో సీసా ఎంత శుభ్రమైనా పొడి క్రిమిరహితం కాదని గుర్తుంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 70 డిగ్రీల కంటే తక్కువ కాని నీళ్లతో కలపమంటుంది, ఆ వేడికి క్రోనోబ్యాక్టర్ చస్తుంది. లీటరు నీళ్లు మరిగించి అరగంట దాటకుండా కలిపితే వేడి ఆ మట్టంలోనే ఉంటుంది. తర్వాత సీసాను చల్లటి నీళ్లలో పెట్టి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూసి పట్టండి. గోరువెచ్చటి నీళ్లలో కలపడం చాలా ఇళ్లలో జరిగేదే, అది ఈ రక్షణను పూర్తిగా పోగొడుతుంది.

ఈ పనంతా చూసి బిడ్డకు సీసానే ఎందుకని అడిగేవాళ్లుంటారు. పాలు తీసి పట్టాల్సి వచ్చినప్పుడు మన ఇళ్లలోని ఉగ్గుగిన్నె చాలా మంచి సాధనం. దానికి మరలు, పీక, వాల్వు, మూలలు ఏవీ లేవు. ఒక నిమిషంలో వేళ్లతో లోపలంతా రుద్దొచ్చు, తర్వాత మరిగించి ఆరబెట్టొచ్చు. మన దేశంలో 1992 చట్టం పాలసీసాల ప్రచారాన్నే నిషేధించింది. నెలలు నిండని పిల్లలకు ఆసుపత్రుల్లో ఇలాంటి చిన్న గిన్నెలతోనే పాలు పడతారు, కానీ పట్టే పద్ధతి నర్సు దగ్గర చూసి నేర్చుకోండి. బిడ్డను కాస్త కూర్చున్నట్టు పట్టుకుని, పాలు నోట్లో పోయకుండా, పెదవి దగ్గర ఆనించి బిడ్డే చప్పరించి తాగేలా ఉంచాలి.