దాడిలో చిక్కిన చిరునామాను వదులుకోవడం

ఒక హోస్టింగ్ సంస్థ ఇంటర్నెట్ లింకు సామర్థ్యం సెకనుకు 10 గిగాబిట్లు అనుకుందాం. అందులోని 203.0.113.25 అనే చిరునామా మీదికి 40 గిగాబిట్ల దొంగ ట్రాఫిక్ విరుచుకుపడితే లింకు మొత్తం నిండిపోతుంది. దాడితో సంబంధం లేని ఖాతాదారుల సైట్లూ ఆగిపోతాయి. సంస్థ తన ఫైర్‌వాల్‌లో ఎంత వడకట్టినా ఫలితం ఉండదు. ట్రాఫిక్ అక్కడికి చేరకముందే దారి మూసుకుపోయింది.

అందుకే దాన్ని పైనున్న ప్రొవైడర్ దగ్గరే ఆపాలి. సంస్థ రౌటర్ ఆ ఒక్క చిరునామాకు 203.0.113.25/32 అనే రూటును, 65535:666 అనే గుర్తు తగిలించి, బీజీపీ ద్వారా ప్రొవైడర్‌కు ప్రకటిస్తుంది. ఈ గుర్తు 2016లో ప్రామాణికమైంది. ముందే ఒప్పందం ఉన్న ప్రొవైడర్ దాన్ని చూడగానే ఆ చిరునామాకు వచ్చే ప్యాకెట్లన్నిటినీ తన రౌటర్లలోనే పారేస్తుంది. లింకు తేలికపడుతుంది, మిగతా సైట్లు కోలుకుంటాయి.

దాడికి గురైన సైటుకు మాత్రం ఇది ఊరట కాదు. రౌటర్ గమ్యాన్నే చూస్తుంది, పంపినవారి ఉద్దేశాన్ని కాదు. కాబట్టి నిజమైన వినియోగదారుల ప్యాకెట్లూ పోతాయి. నిక్కచ్చిగా చెప్పాలంటే, దాడిచేసినవాడు కోరుకున్న పనిని రక్షకుడే పూర్తిచేస్తాడు. ఒకే చిరునామాను వందల సైట్లు పంచుకుంటుంటే అవన్నీ మూతపడతాయి. డీఎన్ఎస్‌లో సైటును కొత్త చిరునామాకు మార్చవచ్చు గానీ, పేరును గురిపెట్టిన దాడి అక్కడికీ వెంటాడుతుంది.

ఇంకో చిక్కు, దాడి ఆగిందో లేదో సంస్థ లింకు గ్రాఫులో కనబడదు. ప్రొవైడర్ లెక్కలు చూడాలి, లేదా రూటును ఉపసంహరించి పరీక్షించాలి. తొందరపడితే లింకు మళ్లీ నిండిపోతుంది.