ఉద్యోగం పోయింది, ఇంటి అప్పు ఉంది: బ్యాంకుకు ఏమని రాయాలి?

ఉద్యోగం పోయినవాళ్లు బ్యాంకుకు రాసే ఉత్తరం చాలాసార్లు కష్టాలతో మొదలై ‘తమరు దయతలచి’ అన్న మాటతో ముగుస్తుంది. నెలకు ఎంత కడతారో, ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో అందులో ఉండదు. దాన్ని చదివి నిర్ణయం తీసుకునేది మీకు తెలిసిన బ్రాంచి మేనేజరు కాకపోవచ్చు. ఇంటి అప్పుల ఫైళ్లు చాలా బ్యాంకుల్లో వేరే కార్యాలయానికి వెళతాయి. అక్కడ కూర్చున్న అధికారి మిమ్మల్ని ఎన్నడూ చూడలేదు, కాగితం మీద ఉన్న అంకెలే చూస్తాడు.

ఆయన జంకడానికీ ఒక కారణం ఉంది. రుణగ్రహీత ఇబ్బందుల్లో ఉన్నాడని వాయిదాల షరతులు సడలిస్తే, అప్పటివరకు సక్రమంగా నడుస్తున్న ఖాతాను కూడా రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం మామూలుగా మొండి బాకీల జాబితాలోకి దించాలి. దానికి బ్యాంకు తన లాభంలోంచి కొంత సొమ్ము పక్కన పెట్టాలి. మీ సిబిల్ రికార్డులోనూ ‘రీస్ట్రక్చర్డ్’ అని నమోదవుతుంది. కొవిడ్ కాలంలో, 2020 ఆగస్టులోనూ 2021 మేలోనూ, రిజర్వ్ బ్యాంకు దీనికి ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. ఆ గడువు ఎప్పుడో ముగిసింది. అప్పటి నమూనా ఉత్తరాలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. ఆ పథకం పేరు పెట్టి అడిగితే ఒక్క ముక్కలో ‘కుదరదు’ అని జవాబు వస్తుంది.

అందుకే ముందు ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవాలి. ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. హైదరాబాద్‌లో భార్యాభర్తలు కలిసి తీసుకున్న ఇంటి అప్పులో 30 లక్షలు మిగిలింది. వడ్డీ 8.5 శాతం, గడువు ఇంకా 15 ఏళ్లు, ఈఎంఐ 29,542 రూపాయలు. ఇందులో ఈ నెల వడ్డీ వాటా 21,250, అసలుకు జమయ్యేది 8,292. భర్త ఉద్యోగం పోయింది. భార్య స్కూలు జీతం 28,000, భర్త చెప్పే ట్యూషన్లకు 14,000. ఇంటి ఖర్చు 19,500 పోగా చేతిలో మిగిలేది 22,500.

ఈ ఉత్తరానికి 21,250 అన్న అంకే ఆయువుపట్టు. నెలకు అంతకంటే తక్కువ కడతానంటే, కట్టని వడ్డీ అప్పు మీద పేరుకుంటుంది. పదిహేను వేలు కడతానన్నారనుకోండి, నెలకు 6,250 చొప్పున బాకీ పెరుగుతూనే పోతుంది. అలాంటి ప్రతిపాదన బ్యాంకుకు ప్రణాళికలా కనిపించదు. మన కుటుంబం దగ్గర 22,500 ఉంది, అంటే వడ్డీ మొత్తం కట్టగలదు. కొన్నాళ్లు ఆగమని అడగాల్సింది అసలు వాటా ఒక్కటే.

ఇక ఎంతకాలం? ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఆరు నెలలు వడ్డీ మాత్రమే కట్టి, ఆ తర్వాత పాత ఈఎంఐనే 15 ఏళ్లు కడితే అదనపు భారం ఆ ఆరు నెలల వడ్డీ, అంటే 1,27,500. అలాకాక ఆరు నెలల తర్వాత గడువును 20 ఏళ్లకు సాగదీస్తే ఈఎంఐ 26,035కి తగ్గుతుంది, కానీ మొత్తం మీద దాదాపు 10 లక్షల 58 వేలు ఎక్కువ కట్టాలి. నెలకు మూడున్నర వేలు ఆదా అయిందన్న సంతోషానికి ఇచ్చే ధర అది. అడగగలిగినంత తక్కువే అడగండి. కంపెనీ ఇచ్చిన పరిహారంతోనో పొదుపుతోనో ఆ ఆరు నెలల లోటు పూడ్చుకోగలిగితే, నా అభిప్రాయంలో అసలు ఈ ఉత్తరమే రాయకూడదు.

రాయక తప్పకపోతే మన కుటుంబం ఇలా రాయవచ్చు:

“బ్రాంచి మేనేజరు గారికి నమస్కారం.

విషయం: గృహ రుణం ఖాతా నం. ______, వాయిదాల సవరణ కోసం విన్నపం.

పై రుణానికి ఇంతవరకు ఒక్క వాయిదా కూడా తప్పలేదు. మా విభాగాన్ని మూసివేయడంతో జూలై 31న నా ఉద్యోగం పోయింది. కంపెనీ ఇచ్చిన పరిహారంతో నా పర్సనల్ లోన్ తీర్చేశాను, ఇప్పుడు మాకు ఈ రుణం తప్ప వేరే అప్పు లేదు. ఆగస్టు వాయిదా చెల్లించాము.

ప్రస్తుతం మా ఇద్దరి ఆదాయం నెలకు రూ. 42,000, ఇంటి ఖర్చు రూ. 19,500. కనుక సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఆరు నెలలు ప్రతి నెలా 5వ తేదీన వడ్డీ రూ. 21,250 చెల్లిస్తాము. మార్చి నుంచి పాత ఈఎంఐ రూ. 29,542 చెల్లిస్తాము. ఇందుకు వీలుగా రుణ గడువును ఆరు నెలలు మాత్రమే పొడిగించవలసిందిగా కోరుతున్నాము. వడ్డీ మాఫీ అడగడం లేదు.

జనవరి 31 నాటికి నాకు ఉద్యోగం వచ్చిందీ లేనిదీ మీకు రాతపూర్వకంగా తెలియజేస్తాను. మా ఊళ్లో నా పేరున ఉన్న స్థలాన్ని అమ్మకానికి పెట్టాము. అమ్ముడైన వెంటనే ఆ సొమ్మును ఈ రుణం అసలుకు జమ చేస్తాము.

జతపరచినవి: ఉద్యోగ విరమణ పత్రం, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, నా భార్య జీతం స్లిప్పులు, పర్సనల్ లోన్ తీరినట్టు పత్రం, స్థలం దస్తావేజు నకలు.”

కింద ఇద్దరూ సంతకం చేయాలి. అప్పు ఇద్దరి పేరున ఉన్నప్పుడు ఒక్కరి సంతకంతో ఫైలు కదలదు. ఆ స్థలం గురించిన వాక్యం కూడా ఊరికే పెట్టింది కాదు. ‘మార్చిలో ఉద్యోగం రాకపోతే?’ అని ఆ అధికారి ఎలాగూ అడుగుతాడు. మీకు స్థలం లేకపోతే బంగారమో, అద్దెకివ్వగల గదో, ఆ ప్రశ్నకు నిజమైన జవాబు ఏదైతే అది రాయండి. లేని ఆస్తి మాత్రం చూపవద్దు.

ఉత్తరాన్ని మొదటి వాయిదా తప్పకముందే ఇవ్వాలి. బకాయి 30 రోజులు దాటితే ఖాతా ఒక మెట్టు దిగుతుంది, 60 దాటితే ఇంకో మెట్టు, 90 దాటితే మొండి బాకీ. అక్కడికి చేరాక ఒకటి రెండు వాయిదాలు కట్టినంత మాత్రాన బయటపడలేరు, మొత్తం బకాయి తీర్చాలి. ఆపైన సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు రావచ్చు. దానికి అభ్యంతరం రాస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలన్న రక్షణ ఉంది గానీ, అప్పటికి బేరమాడే బలం మీ దగ్గర ఉండదు.

నకలు మీద ‘ముట్టింది’ అని తేదీతో ముద్ర వేయించుకోండి, ఈమెయిల్ కూడా పంపండి. అనుమతి రాకముందే వడ్డీ మాత్రం కట్టి ఊరుకుంటే మిగతా 8,292 బకాయిగానే నిలుస్తుంది. ఖాతాలోంచి ఆటోమేటిక్‌గా ఈఎంఐ కోసుకునే ఏర్పాటు పాత మొత్తానికే ఉంటే అది బౌన్స్ అయి చార్జీలు పడతాయి. చెక్కు బౌన్స్ లాగే దానికీ కేసు పెట్టడానికి చట్టంలో వీలుంది. కాబట్టి అనుమతి వచ్చిన రోజే ఆ మొత్తాన్ని మార్పించుకోవాలి.

‘సరే, చూద్దాం’ అన్న నోటిమాటను అనుమతి అనుకోవద్దు. మంజూరు లేఖ, కొత్త వాయిదాల పట్టిక చేతికి రావాలి. ఆ పట్టికలో చూడాల్సింది ఒకటే: ఆరు నెలల తర్వాత కూడా అసలు 30 లక్షలే ఉండాలి. అంతకంటే ఎక్కువ ఉంటే ఏదో కలిపారన్నమాట. ఆలస్యానికి వేసే జరిమానా చార్జీలను అసలులో కలిపి వాటి మీద మళ్లీ వడ్డీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. అది గుర్తుచేసి సరిచేయించండి.

మీ ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. బ్యాంకు మౌనాన్ని, తప్పుడు చార్జీలను ఆయన ప్రశ్నించగలరు. వాయిదాలు సడలించాలా వద్దా అన్నది మాత్రం బ్యాంకు వ్యాపార నిర్ణయం, అందులో ఆయన కలగజేసుకోరు.